ఎంసెట్‌లో 180 నిమిషాలు, 160 బిట్లు: నేను టైం పంచుకున్న తీరు

ఈఏపీసెట్ అని పేరు మారినా మనందరం ఇంకా ఎంసెట్ అనే అంటున్నాం కాబట్టి నేనూ అలాగే అంటాను. ఇంజినీరింగ్ పేపర్‌లో మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 బిట్లు. టైం 180 నిమిషాలు. బిట్‌కు ఒక మార్కు, తప్పు పెడితే కోత లేదు. భాగిస్తే ఒక్కో బిట్‌కు అరవై ఏడున్నర సెకన్లు వస్తాయి. ఈ లెక్క ప్రతి కాలేజీలోనూ బోర్డు మీద రాసి చెప్తారు. చిక్కేమిటంటే, పేపర్‌లో అరవై ఏడు సెకన్లు పట్టే బిట్లు చాలా తక్కువ. చూడగానే పది పదిహేను సెకన్లలో తేలిపోయేవి ఉంటాయి, పద్ధతి తెలిసినా మూడు నాలుగు నిమిషాలు తినేవి ఉంటాయి. రెండింటికీ వచ్చేది ఒకే మార్కు. అందుకని సగటు పట్టుకుని రాస్తే తేలికవాటి దగ్గర మిగిలిన టైం ఎక్కడికి పోయిందో తెలియదు, కష్టమైనవాటి దగ్గర పడ్డ అప్పు మాత్రం చివర్లో బయటపడుతుంది.

మాక్ టెస్టుల్లో రకరకాలుగా మార్చి చూశాక నేను స్థిరపడింది మూడు విడతల పద్ధతి మీద. మొదటి విడతలో మూడు సబ్జెక్టుల్లోని 160 బిట్లనూ ఒకసారి చూసేసి, దారి వెంటనే కనిపించినవి చేస్తాను. దీనికి 135 నిమిషాలు. రెండో విడతలో, చేయగలను గానీ పొడుగు అని వదిలినవాటి దగ్గరకు తిరిగి వస్తాను. దీనికి 30 నిమిషాలు. చివరి 15 నిమిషాలు చూసుకోవడానికి, ఖాళీలేమీ లేకుండా నింపడానికి. మొదటి విడతలోని 135ను కెమిస్ట్రీకి 25, ఫిజిక్స్‌కి 35, మ్యాథ్స్‌కి 75గా పంచాను.

కెమిస్ట్రీకి 25 నిమిషాలేనా అని చాలామంది అడుగుతారు. నలభై బిట్లకు పంచితే ఒక్కోదానికి ముప్పై ఏడున్నర సెకన్లు. కెమిస్ట్రీలో సగానికి పైగా తెలిస్తే తెలిసినట్టు, లేకపోతే లేనట్టు. ఫలానా చర్యలో ఏర్పడే పదార్థం ఏది, ఏ అయాన్‌లో జతలేని ఎలక్ట్రాన్లు ఎన్ని, ఏ వాక్యం సరైనది, ఇలాంటివి. గుర్తుకు రానిదాన్ని మూడు నిమిషాలు తదేకంగా చూసినా గుర్తుకు రాదు. అక్కడ ఎక్కువ టైం పెట్టడం వల్ల మార్కులు పెరగవు. మ్యాథ్స్ అలా కాదు, టైం ఇచ్చేకొద్దీ బిట్లు తేలుతూ ఉంటాయి. అందుకే మిగిలే ప్రతి నిమిషమూ చివరికి మ్యాథ్స్‌కి చేరేలా చూసుకోవాలి. నేను కెమిస్ట్రీతో మొదలుపెట్టడానికీ ఇదే కారణం. తెర మీద మ్యాథ్స్ ముందు కనిపిస్తుంది, అంతమాత్రాన దానితోనే మొదలుపెట్టాలని లేదు. పైన సబ్జెక్టు పేరు మీద నొక్కితే అందులోకి వెళ్లిపోవచ్చు. మ్యాథ్స్‌తో మొదలుపెడితే ఒక్కో బిట్ దగ్గరా ఇంకొంచెం చేస్తే వచ్చేస్తుంది అనిపిస్తూ ఉంటుంది. గడియారం చూసుకునేసరికి ఫిజిక్స్, కెమిస్ట్రీ కలిపి ఎనభై బిట్లకు అరగంట మిగులుతుంది. అంటే సులభంగా రావలసిన కెమిస్ట్రీ మార్కుల్ని ఆదరాబాదరాగా రాయాల్సి వస్తుంది.

ఫిజిక్స్‌లో సూత్రం పెట్టి ఒక్క గీతలో తేలేవి చాలానే ఉంటాయి. తీగను సాగదీసి పొడవు రెట్టింపు చేస్తే నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఘనపరిమాణం మారదు కాబట్టి పొడవు రెట్టింపు, వైశాల్యం సగం, అంతే. పది సెకన్లు. అదే పక్క బిట్‌లో రెండు బ్యాటరీలు, రెండు లూపులు ఉన్న వలయం ఇచ్చి మధ్య తీగలో కరెంటు అడిగితే కిర్కాఫ్ సమీకరణాలు రాసుకుని, సాధించి, గుర్తు సరిచూసుకునేసరికి రెండున్నర నిమిషాలు. మొదటి విడతలో మొదటిది చేస్తాను, రెండోది ఎంత బాగా వచ్చినా సరే, గుర్తు పెట్టి వదిలేస్తాను. వచ్చిన లెక్కను వదలడం మనసుకు కష్టంగా ఉంటుంది, ముఖ్యంగా నిన్ననే ప్రాక్టీస్ చేసిన రకం అయితే. అయినా దాన్ని పోగొట్టుకోవడం లేదు కదా, గంట తర్వాత చేస్తాం అంతే.

ఈ వదిలేయడం వల్ల ఎంత తేడా వస్తుందో ఒక ముక్క తీసుకుని లెక్కవేసి చూపిస్తాను. మ్యాథ్స్‌లో వరసగా ఆరు బిట్లు ఇలా వచ్చాయనుకుందాం.

మొదటిది, A అనేది 3×3 మాత్రిక, det A = 4, అయితే det(adj A) ఎంత. క్రమం 3 కాబట్టి 4²=16. పదిహేను సెకన్లు. రెండోది, x² + y² − 6x + 4y − 12 = 0 వృత్తానికి వ్యాసార్థం. 9+4+12=25, వర్గమూలం 5. ఇరవై సెకన్లు. మూడోది, 1·2 + 2·3 + … + n(n+1) మొత్తం. సూత్రం గుర్తుంటే సరే, లేకపోతే ఆప్షన్లలో n విలువలు పెట్టి చూడటమే. నలభై సెకన్లు. నాలుగోది, 0 నుంచి π/2 వరకు sin³x/(sin³x + cos³x) సమాకలనం. x బదులు π/2 − x పెట్టే ధర్మం తట్టితే జవాబు π/4, ఇరవై సెకన్లు. ఐదోది, రెండు రేఖలు ఇచ్చి వాటి మధ్య కనిష్ఠ దూరం. పద్ధతి పక్కాగా తెలుసు, కానీ క్రాస్ ప్రోడక్ట్, దాని పరిమాణం, డాట్ ప్రోడక్ట్ కలిపి రెండున్నర నిమిషాలు. ఆరోది, ఒక త్రికోణమితి సమీకరణానికి ఫలానా అంతరంలో ఎన్ని సాధనలున్నాయి అని. ఎక్కడ మొదలుపెట్టాలో కనిపించడం లేదు, పడితే నాలుగు నిమిషాలు పట్టొచ్చు.

వరసగా పంతం పట్టి ఆరూ చేస్తే మొదటి నాలుగింటికి 95 సెకన్లు, ఐదోదానికి 150, ఆరోదానికి 240, మొత్తం 485 సెకన్లు. ఎనిమిది నిమిషాలు దాటింది, చేతికొచ్చింది ఐదో ఆరో మార్కులు. నా పద్ధతిలో నాలుగూ చేసి, ఐదోదాన్ని చదివి వదలడానికి 15 సెకన్లు, ఆరోదాని మీద నిర్ణయానికి 25 సెకన్లు పెడితే 135 సెకన్లలో నాలుగు మార్కులు వచ్చి ముందుకు కదిలిపోయాను. మిగిలిన 350 సెకన్లలో, ముందున్న బిట్లు కూడా ఇదే తీరులో ఉంటే, మరో పది మార్కుల దాకా వస్తాయి. ఒకటో రెండో మార్కుల కోసం పది మార్కుల టైం పెట్టడం అన్నమాట. అందులోనూ ఆ పది పేపర్ చివర్లో ఉండి, అక్కడిదాకా మనం చేరకపోతే వాటిని చూసి ఉండం కూడా. విడుదలైన పాత పేపర్లు తిరగేస్తే మ్యాథ్స్ బిట్లు చాలావరకు సిలబస్ వరసలోనే నడుస్తాయి. ప్రమేయాలు, మాత్రికలు ముందు, సమాకలనాలు, అవకలన సమీకరణాలు చివర. పైన చెప్పిన నాలుగో బిట్ లాంటివి ఎక్కువగా ఆ చివరి భాగంలోనే తగులుతాయి. ఎనభైలో అరవై దాకా వచ్చి ఆగిపోయినవాళ్లు పోగొట్టుకునేది ఈ సులువైన సమాకలనాలనే.

మరి వదలాలని ఎప్పుడు తేల్చుకోవాలి? నేను పెట్టుకున్న గీత ఇది: బిట్ చదివిన ఇరవై సెకన్లలోపు రఫ్ షీట్ మీద మొదటి గీత రాయగలగాలి. ఆ మొదటి గీత ఏమిటో తెలియకపోతే అది ఈ విడతది కాదు. మొదటి గీత తెలిసినా, ఆ తర్వాత నాలుగైదు గీతల పని కనిపిస్తుంటే అదీ ఈ విడతది కాదు. మొదలుపెట్టాక అనుకున్నదానికన్నా పొడుగైతే తొంభై సెకన్ల దగ్గర ఆగిపోతాను. ప్రతి బిట్‌కూ గడియారం చూడటం కుదరదు కాబట్టి చూపుకొక గుర్తు పెట్టుకున్నాను: రఫ్ షీట్ మీద ఒకే బిట్‌కు ఆరు గీతలు దాటితే తొంభై సెకన్లు అయిపోయినట్టే. ఇది నా చేతిరాతకు సరిపోయే లెక్క. ఎవరిది వాళ్లు మాక్ టెస్టులో ఒకసారి చూసుకోవాలి.

తొంభై దగ్గర ఆగేటప్పుడు చేసిన పని వృథా కాకుండా రఫ్ షీట్‌లో బిట్ నంబరు రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి, ఎక్కడిదాకా వచ్చానో ఆ గీత కింద అడ్డగీత పెడతాను. రెండో విడతలో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టకుండా అక్కడినుంచే అందుకోవచ్చు. రఫ్ షీట్‌ను మధ్యలో నిలువుగా మడిచి ఎడమపక్క మొదటి విడత పనికి, కుడిపక్క వదిలినవాటికి వాడితే వెతుక్కునే పని ఉండదు. చిన్న విషయంలాగే ఉంటుంది గానీ, గంట తర్వాత చిందరవందరగా ఉన్న కాగితంలో 47వ బిట్ గీతలు ఎక్కడున్నాయో వెతకడానికి అర నిమిషం పోతుంది.

ఇక తెర మీది బటన్ల సంగతి. ఇక్కడ తెలియక పోయే మార్కులు ఉన్నాయి, అందుకే కాస్త వివరంగా చెప్తాను. ఆప్షన్ మీద నొక్కితే సరిపోదు, `Save & Next` నొక్కాలి. కుడిపక్క నంబర్ల గడుల్లో ఏదో ఒక నంబరు మీద నేరుగా నొక్కి అక్కడికి వెళ్లిపోతే, ఈ బిట్‌కు పెట్టిన జవాబు సేవ్ కాదు. రెండో విడతలో అందరం గడుల మీద నొక్కుతూనే తిరుగుతాం కాబట్టి ఈ పొరపాటు ఎక్కువగా జరిగేది అప్పుడే. ఒక బిట్ చేసి, ఆప్షన్ పెట్టి, ఆ ఊపులో తర్వాతి నంబరు గడి మీద నొక్కేస్తాం. చేసిన లెక్క చేసినట్టే ఉంటుంది, మార్కు ఉండదు. దీన్ని పట్టుకోవడం ఎలాగంటే, సేవ్ అయిన గడి ఆకుపచ్చగా మారుతుంది. చూసి వదిలేసింది ఎర్రగా, అసలు తెరవనిది తెల్లగానో బూడిదరంగులోనో ఉంటుంది. ఊదారంగు అంటే `Mark for Review & Next` నొక్కినది. ఊదా గడి మీద చిన్న ఆకుపచ్చ గుర్తు కూడా ఉంటే జవాబు పెట్టి మార్క్ చేసిందని. ఆ గుర్తు లేని ఊదా గడి అంటే లోపల ఏమీ లేదు, సున్నా. జవాబుతో కలిపి మార్క్ చేసిన బిట్‌ను దిద్దేటప్పుడు లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది పరీక్షకు ముందు తెర మీద వచ్చే సూచనల్లో రాసి ఉంటుంది. ఆ సూచనలన్నీ చదవలేకపోయినా ఆ ఒక్క వాక్యం మాత్రం వెతికి చదవాలి.

నేను రంగుల్ని నా అవసరానికి ఇలా వాడుకున్నాను. చేయగలను, పొడుగు అనిపించిన బిట్‌కు ఏదో ఒక ఆప్షన్ పెట్టి `Mark for Review & Next` నొక్కుతాను. అసలు తెలియని బిట్‌కు మూడో ఆప్షన్ పెట్టి `Save & Next` నొక్కి మరిచిపోతాను, దానికి మార్క్ పెట్టను. అప్పుడు మొదటి విడత అయ్యేసరికి తెర మీద ఊదావి మాత్రమే నేను తిరిగి వెళ్లాల్సినవి, మిగతావన్నీ ఆకుపచ్చ. తెలియనివాటిని కూడా ఊదాలో పెట్టేస్తే రెండో విడతలో అరవై గడులు ఊదారంగులో కనిపిస్తాయి, వాటిలో ఏది చేయదగినదో తెలుసుకోవడానికి మళ్లీ అన్నీ తెరిచి చదవాలి. ఒక్కోదానికి పదిహేను సెకన్లు వేసుకున్నా పావుగంట చదవడానికే పోతుంది. ఒకసారి తెలియదు అని తేల్చేసిన బిట్‌ను రెండోసారి చదవకుండా ఉండటమే ఇందులో అసలు పొదుపు. పైగా కోత లేని పేపర్ కాబట్టి, ఏ కారణం వల్లనైనా చివర టైం అయిపోతే ఖాళీ గడి ఒక్కటీ ఉండదు.

టైం సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి నాలుగు చోట్ల మాత్రమే గడియారం చూస్తాను. తెర మీద మిగిలిన టైం తగ్గుతూ కనిపిస్తుంది కాబట్టి నా గుర్తులన్నీ మిగిలినదాంట్లోనే. కెమిస్ట్రీ అయ్యేసరికి 155 మిగలాలి. ఫిజిక్స్ అయ్యేసరికి 120. మ్యాథ్స్ సగంలో, అంటే నలభై బిట్లు చూసేసరికి, సుమారు 82. మ్యాథ్స్ మొదటి విడత అయ్యేసరికి 45. ఈ నాలుగు అంకెలు పరీక్ష మొదలవగానే రఫ్ షీట్ పైన రాసుకోవాలి, నోట్లో పెట్టుకుని తిరిగితే ఫిజిక్స్ మధ్యలో కలగాపులగం అయిపోతాయి.

గుర్తు తప్పితే ఏం చేయాలన్నది ముందే తేల్చుకుని ఉండాలి. కెమిస్ట్రీ అయ్యేసరికి 155 బదులు 150 ఉందనుకోండి. ఆ ఐదు నిమిషాల్ని ఫిజిక్స్‌లో పరిగెత్తి రాబట్టాలని చూస్తే రెండు సబ్జెక్టులూ పాడవుతాయి. చదివే వేగం పెంచితే 'కానిది', 'సరికాని' లాంటి మాటలు జారిపోతాయి. నేను వేగం మార్చను, వదిలే గీతను మారుస్తాను. తొంభై సెకన్ల దగ్గర ఆగేవాడిని అరవై దగ్గర ఆగుతాను, అంతే. ఇంకొన్ని బిట్లు ఊదాలోకి వెళ్తాయి, మొదటి విడత మళ్లీ దారిలో పడుతుంది. అప్పటికీ టైం కూడకపోతే రెండో విడతలోని 30 నుంచి కోస్తాను. చివరి 15ను మాత్రం ముట్టుకోను. పేపర్ అందరికీ కఠినంగా వచ్చిన రోజు ఈ గుర్తులు తప్పడం మామూలే. వేర్వేరు పూటల్లో జరిగే పరీక్షల మార్కుల్ని నార్మలైజ్ చేస్తారు కాబట్టి, మన పూట పేపర్ కఠినంగా ఉందని దానికి తగ్గట్టు ఎక్కువ పంతం పట్టాల్సిన పని లేదు.

మొదటి విడత అయ్యేసరికి ఒక మోస్తరు పేపర్‌లో 115 దాకా నిజంగా చేసినవి, 45 వదిలినవి ఉంటాయనుకుందాం. ఆ 45లో ఓ ఇరవై ఊదావి, ఇరవై ఐదు మూడో ఆప్షన్ పెట్టి వదిలేసినవి. రెండో విడతలో 30 నిమిషాలకు ఇరవై బిట్లు, అంటే ఒక్కోదానికి తొంభై సెకన్లు. ఇక్కడ వరస ముఖ్యం. నంబర్ల వరసలో వెళ్తే మొదట తగిలిన మూడు పెద్ద లెక్కలు పది నిమిషాలు మింగేస్తాయి. రఫ్ షీట్‌లో సగం చేసి ఆపినవి ముందు, ఎందుకంటే వాటికి మిగిలింది సగం పనే. తర్వాత పద్ధతి తెలిసి పొడుగున్నవి, కిర్కాఫ్, కనిష్ఠ దూరం లాంటివి. అస్సలు దారి కనిపించకపోయినా ఆశ చావక ఊదాలో పెట్టినవి చివర.

ఈ విడతలో ఆప్షన్లనుంచి వెనక్కి పనిచేయడం ఎక్కువగా ఉపయోగపడుతుంది. శ్రేణి మొత్తం అడిగిన మూడో బిట్‌నే మళ్లీ తీసుకుందాం. ఆప్షన్లలో n(n+1)(n+2)/3, n(n+1), n²+1 ఉన్నాయనుకోండి. n = 1 పెడితే మూడూ 2 ఇస్తాయి, అసలు మొత్తమూ 2. ఇక్కడ చాలామంది మొదట కలిసిన ఆప్షన్‌నే పెట్టేసి వెళ్లిపోతారు. n = 2 కూడా పెట్టాలి. అసలు మొత్తం 2+6=8. ఆప్షన్లు వరసగా 8, 6, 5 ఇస్తాయి. తేలిపోయింది. ఫిజిక్స్‌లో ఇదే పని యూనిట్లతో చేయొచ్చు. ఆవర్తన కాలం అడిగితే సెకన్లు రాని ఆప్షన్‌ను లెక్క చేయకుండానే కొట్టేయొచ్చు. కెమిస్ట్రీలో జతపరిచే బిట్లలో నాలుగు జతలూ తెలియక్కర్లేదు. గట్టిగా తెలిసిన ఒక జతతో రెండు ఆప్షన్లు పోతాయి, రెండో జత తెలిస్తే తరచూ ఒక్కటే మిగులుతుంది. ముప్పై సెకన్ల పనికి నాలుగు జతలూ సరిచూస్తూ రెండు నిమిషాలు కూర్చునేవాళ్లు ఉన్నారు.

లెక్క పూర్తయ్యాక వచ్చిన జవాబు ఏ ఆప్షన్‌లోనూ లేకపోతే? టైం ఎక్కువగా కారిపోయేది ఇక్కడే. గీత గీతా వెనక్కి వెళ్లి తప్పు వెతకడం మొదలుపెడితే, చేసినంత టైం మళ్లీ పడుతుంది. నేను మూడే చూస్తాను: ప్రశ్నలో ఇచ్చిన అంకెల్ని సరిగ్గా ఎత్తి రాశానా, అడిగినదాన్నే కనుక్కున్నానా, యూనిట్లు కలిశాయా. వ్యాసార్థం అడిగితే వ్యాసం కనుక్కుని ఉండొచ్చు, చదరపు సెంటీమీటర్లను చదరపు మీటర్లలోకి మార్చేటప్పుడు 10⁻⁴ బదులు 10⁻² పెట్టి ఉండొచ్చు. ఈ మూడింట్లో దొరక్కపోతే దగ్గరగా ఉన్న ఆప్షన్ పెట్టి వదిలేయడమే. ప్రశ్నలో మాటే అర్థం కాకపోతే తెలుగు, ఇంగ్లిష్ రెండూ ఒకసారి చూడాలి, ఐదు సెకన్ల పని. తెలుగు మీడియంవాళ్లు ఇంగ్లిష్ వైపు అసలు చూడకపోవడం, ఇంగ్లిష్ మీడియంవాళ్లు తెలుగు వైపు చూడకపోవడం రెండూ ఉన్నాయి.

15 మిగలగానే చేతిలో ఉన్న లెక్క ఎక్కడుంటే అక్కడ ఆపి చివరి విడతలోకి వస్తాను. ఇంకో అర నిమిషంలో అయిపోతుంది అనిపించినా సరే. చివరి విడతలో మొదటి పని, మూడు సబ్జెక్టుల గడుల్నీ ఒకసారి చూసుకోవడం. ఎర్రవి, తెల్లవి, ఆకుపచ్చ గుర్తు లేని ఊదావి ఉన్నాయేమో చూసి నింపడం. మ్యాథ్స్ తెర మీద ఉన్నప్పుడు మ్యాథ్స్ గడులే కనిపిస్తాయి కాబట్టి మిగతా రెండింటినీ తెరిచి చూడాలి. ఇది రెండు మూడు నిమిషాలకు మించదు.

ఇరవై ఐదు గుడ్డి జవాబుల్లో నాలుగో వంతు, అంటే సగటున ఆరు తగులుతాయని ఆశించొచ్చు. అదృష్టాన్ని బట్టి మూడూ రావొచ్చు, తొమ్మిదీ రావొచ్చు. అన్నిటికీ ఒకే ఆప్షన్ పెట్టినా, మార్చి మార్చి పెట్టినా సగటు అదే. ఒకే ఆప్షన్ పెట్టమనేది ఆలోచించే టైం మిగులుతుందని మాత్రమే. ఏ ఆప్షన్ తక్కువసార్లు వచ్చిందో లెక్కపెట్టి దాన్నే పెట్టాలి అని కొందరు చెప్తారు, ఆ లెక్క పెట్టడానికి పట్టే టైంలో ఒక బిట్ నిజంగానే చేయొచ్చు. అయితే రెండు ఆప్షన్లు కచ్చితంగా కావని తెలిసినచోట గుడ్డి నియమాన్ని పక్కన పెట్టి మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టాలి. అక్కడ నాలుగో వంతు అవకాశం సగం అవుతుంది. అందుకే తెలియని బిట్ వదిలేముందు, కొట్టేయదగ్గ ఆప్షన్లు ఉన్నాయేమో మొదటి చూపులోనే చూస్తాను.

మిగిలిన పన్నెండు నిమిషాల్లో 160 బిట్లు తిరిగి చూడటం ఎలాగూ కుదరదు, అవసరమూ లేదు. నేను చూసేవి మొదటి విడతలో రఫ్ షీట్ అంచున చిన్న చుక్క పెట్టుకున్నవే. చుక్క మూడు రకాలవాటికి పెడతాను: 'కానిది ఏది' అని అడిగినవి, యూనిట్లు మార్చాల్సి వచ్చినవి, మరీ తేలిగ్గా వచ్చేశాయి అనిపించినవి. మూడో రకానికి ఒక ఉదాహరణ చెప్తాను. 10⁻⁸ M HCl ద్రావణం pH ఎంత అని అడుగుతారు. ఘాతం చూసి 8 పెట్టేయడానికి చేయి వెళ్తుంది, ఆప్షన్లలో 8 కూడా తప్పకుండా ఉంటుంది. ఆమ్లానికి pH 7 దాటడమేమిటి అని ఒక్క క్షణం ఆగితే నీటినుంచి వచ్చే హైడ్రోజన్ అయాన్లు గుర్తొస్తాయి, జవాబు 6.98 దగ్గర. మొదటి విడత వేగంలో ఇలాంటివి దాటిపోతాయి, చుక్క ఉంటే చివర్లో దొరుకుతాయి.

జవాబు మార్చాలంటే నాకు ఒకటే షరతు: తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించగలగాలి. ఎందుకో ఇంకోటి సరైనదేమో అనిపించడం చాలదు. మార్చినప్పుడు కొత్త ఆప్షన్ నొక్కి మళ్లీ `Save & Next` నొక్కాలి. చివరి రెండు నిమిషాల్లో ఏ జవాబూ మార్చను. ఆ తొందరలో `Clear Response` మీద చేయి పడి, ఆ సంగతి చూసుకునేలోపు టైం అయిపోయే ప్రమాదం ఉంది.

ఈ పద్ధతిని జేఈఈ మెయిన్‌కి ఉన్నది ఉన్నట్టు పట్టుకెళ్లకూడదు. అక్కడ 75 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ఒక్కోదానికి సగటున రెండు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. వదిలే గీతను తొంభై సెకన్లనుంచి మూడు నిమిషాల దాకా పెంచుకోవచ్చు. మూడు విడతలు, రంగుల వాడకం పనికొస్తాయి. తెలియనిదానికి మూడో ఆప్షన్ పెట్టి మరిచిపోవడం మాత్రం అక్కడ మానేయాలి. అక్కడ తెలియని ప్రశ్న ఎర్రగానే ఉండిపోవచ్చు. చివరి విడతలో ఎర్ర గడులు నింపే బదులు, రెండు ఆప్షన్లు కొట్టేయగలిగిన ప్రశ్నలు వాటిలో ఏమైనా ఉన్నాయా అని చూడాలి. మిగిలిన రెండింట్లో ఒకటి పెడితే సగటున ఒక్కో ప్రశ్నకు ఒకటిన్నర మార్కు లాభమే.